ఫ్రెండ్స్ మళ్ళీ చూసేటప్పుడు వెనక ఎవరి మీద కన్నుండాలి?

ప్రశ్న: అన్నా, ఫ్రెండ్స్ సిరీస్ రెండుసార్లు పూర్తిగా చూసినా. మా రూమ్మేట్ ఏమో వెనకాల బోలెడు జోకులు దాచిపెట్టినారు, నువ్వు ఒక్కటీ పట్టలేదు అంటాడు. ఎక్కడ చూడాలి? ఇంకోటి, అవి నిజంగా కావాలని పెట్టినవా లేక తప్పులు దొర్లితే ఫ్యాన్సే జోకులు అంటున్నారా, ఎట్ల తెలుస్తుంది?

జవాబు:

అన్నీ వెతకొద్దు తమ్ముడూ, ముగ్గురు మనుషుల్ని పట్టుకో చాలు. కాఫీ షాపులో కౌంటర్ వెనక ఉండే గంథర్, మోనికా వాళ్ళ కింద ఫ్లోర్‌లో ఉండే ముసలాయన మిస్టర్ హెకిల్స్, ఎదురు బిల్డింగులో బట్టల్లేకుండా తిరిగే ఆయన, అదే అగ్లీ నేకెడ్ గై. ఈ ముగ్గురూ మొదట ఉత్త నవ్వు కోసమే ఉంటారు, తర్వాత ముగ్గురి వల్లా అసలు కథ మలుపు తిరుగుతుంది. ఆ మలుపు దగ్గర ఆగి వెనక్కి చూస్తే పాత సీన్లన్నీ వేరేగా కనిపిస్తాయి. మనుషులు కాకుండా ఒక వస్తువు కూడా ఉంది, జోయీ చాండ్లర్ల తలుపు మీద తగిలించిన మ్యాజిక్ స్లేట్. నిజంగా పెట్టిందా తప్పా అనే దానికి నేను వాడే పద్ధతి కింద రాస్తా.

నేను అనంతపురంలో స్పోకెన్ ఇంగ్లీష్ చెప్తాను. ఈ సిరీస్‌నే ప్రొజెక్టర్ మీద వేసి పాఠం చెప్తాను కాబట్టి ఒక్కో ఎపిసోడ్ ఎన్నిసార్లు చూసుంటానో లెక్కలేదు. పిల్లలకి ఒక డైలాగ్ అర్థమయ్యేలోపు అదే సీను ఐదారుసార్లు వెనక్కి తిప్పాల్సి వస్తుంది, అట్ల తిప్పినప్పుడే నా కళ్ళు మాట్లాడేవాళ్ళ మీంచి పక్కకి పోవడం మొదలైంది.

ముందు గంథర్ సంగతి, ఎందుకంటే ఆయన్ని అందరూ చూస్తారు కానీ ఎవరూ గమనించరు. ఆ పాత్ర వేసినాయన పేరు జేమ్స్ మైకేల్ టైలర్. ఆయనకి నిజ జీవితంలో కాఫీ షాపులో పనిచేసిన అనుభవం ఉంది, ఎస్ప్రెసో మెషీన్ నడపడం వచ్చు, అందుకే కౌంటర్ వెనక నిలబడే ఎక్స్‌ట్రాగా తీసుకున్నారు. ఆ తెల్లజుట్టు కూడా ఎవరో డిజైన్ చేసింది కాదు, షూటింగుకి ముందు ఒక ఫ్రెండు ప్రాక్టీసు కోసం బ్లీచ్ చేస్తే అదే నిలిచిపోయింది. మొదటి సీజన్ అంతా నోట్లోంచి మాట రాదు. రెండో సీజన్లో పేరొచ్చింది, మాటొచ్చింది, ఆ తర్వాత రేచల్ మీద చెప్పుకోలేని ప్రేమ కూడా వచ్చింది, చివరికి సుమారు 150 ఎపిసోడ్లలో కనిపించినాడు. మొత్తం 236లో అంత ఉన్నాడంటే మన కాలేజీ ముందర టీ బంకు మనిషి లాంటోడే, నాలుగేళ్ళు రోజూ చూస్తాం, మన గొడవలన్నీ ఆయనకి తెలుసు, ఆయన ఇంటి సంగతి మాత్రం మనకి ఒక్కటీ తెలీదు.

సీజన్ 3 ఎపిసోడ్ 16 పెట్టుకో. రాస్, రేచల్ విడిపోయే ఎపిసోడ్. రాస్ ముందురోజు రాత్రి జిరాక్స్ షాపు అమ్మాయి క్లోయీతో గడిపినాడు, ఆ మాట రేచల్ చెవిన పడకుండా ఆపాలని ఒక్కొక్కరి దగ్గరకీ పరిగెత్తుతుంటాడు. క్లోయీ తన షాపులో పనిచేసే అబ్బాయికి చెప్పింది, ఆ అబ్బాయి వాళ్ళ చెల్లెలికి చెప్పినాడు, ఆ అమ్మాయి పేరు జాస్మిన్, ఫీబీతో కలిసి మసాజ్ చేసే చోట పనిచేస్తుంది, జాస్మిన్ తన రూమ్మేటుకి చెప్పింది. ఆ రూమ్మేట్ ఎవరయ్యా అంటే గంథర్. రాస్ ఆయాసపడుతూ కాఫీ షాపుకొచ్చి రేచల్‌కి చెప్పలేదు కదా అని బతిమాలితే, చెప్పకూడదా అన్నట్టు అడుగుతాడు ఆయన. మొదటిసారి చూసినప్పుడు నవ్వొస్తుంది. కానీ అంతకుముందు నుంచీ రేచల్ వైపు ఆ మనిషి చూసే చూపులు గుర్తు పెట్టుకుని చూడు, ఆ మాట చెప్పినప్పుడు ఆయన మొహంలో అమాయకత్వం ఎంత ఉందో నువ్వే తేల్చుకో. ఇది చూపించినప్పుడల్లా క్లాసు రెండు గుంపులవుతుంది. నేనైతే కావాలనే చెప్పినాడంటాను.

ఇక్కడ ఒక చిట్కా చెప్తా, రెండోసారి చూసేటప్పుడు సబ్‌టైటిల్స్ ఆపెయ్. మనలాంటోళ్ళకి ఇంగ్లీష్ డైలాగ్ పోతుందేమో అని భయం, కళ్ళు ఎప్పుడూ స్క్రీన్ అడుగునే ఉంటాయి, వెనక కౌంటర్ దగ్గర జరిగేది కనపడదు. కథ ఎట్లాగూ తెలుసు కదా. కాఫీ షాపు సీన్లయితే నేను సౌండు కూడా తీసేసి చూపిస్తా, సౌండు లేకపోతే చూపు దానంతట అదే కౌంటర్ వైపు పోతుంది, రేచల్ ఎవరితోనైనా నవ్వితే గంథర్ గుడ్డతో కప్పు తుడవడం ఆపేసి చూస్తుండటం అప్పుడు దొరుకుతుంది.

ఇంక హెకిల్స్. నా దృష్టిలో మొత్తం పది సీజన్లలో అన్నిటికంటే బాగా దాచిన జోకు ఈయన దగ్గరే ఉంది. ల్యారీ హాంకిన్ అనే ఆయన వేసినాడు. సీజన్ 1 ఎపిసోడ్ 7, కరెంటు పోయే ఎపిసోడ్, అందులో ఒక పిల్లి దొరికితే రేచల్, ఫీబీ దాని ఓనర్ కోసం బిల్డింగంతా తిరుగుతారు, ఈయన తలుపు తీసి ఆ పిల్లి నాదే అంటాడు. కాదని తెలిసిపోయినాక కూడా మీరు నాకొక పిల్లి బాకీ అంటాడు. అట్లాంటి మనిషి. పైన చప్పుడైతే చీపురు కట్టతో సీలింగు పొడుస్తాడు, పైనున్నోళ్ళు కాళ్ళతో తొక్కి తిరిగి సమాధానమిస్తారు. అద్దె ఇళ్ళల్లో ఉన్నోళ్ళకి ఈ వ్యవహారం చెప్పనక్కర్లేదు.

సీజన్ 2 ఎపిసోడ్ 3లో ఆయన చనిపోతాడు. చేతిలో చీపురు ఉందంట, ఊడుస్తూ పోయుంటాడు అంటారు, ఊడవడం కాదు మన సీలింగే పొడుస్తున్నాడు అని వీళ్ళకి మాత్రమే అర్థమవుతుంది. తన సామానంతా పైన గోల చేసే ఆడపిల్లలకే రాసిపోతాడు. ఆ సామాను సర్దుతుంటే చాండ్లర్‌కి ఆయన స్కూలు రోజుల పుస్తకం దొరుకుతుంది, ఆయన కూడా క్లాసులో అందర్నీ నవ్వించే పిల్లోడు, చాండ్లర్ లాగే క్లారినెట్ వాయించినాడు, చాండ్లర్ లాగే ప్రతి అమ్మాయిలోనూ ఏదో ఒక వంక వెతికి వదిలేసినాడు. నేనూ ఇట్లే ఒంటరిగా పోతానేమో అని చాండ్లర్ వణికిపోతాడు. ఇంతవరకు అందరికీ గుర్తే.

ఇప్పుడు సీజన్ 3 ఎపిసోడ్ 6 పెట్టు. మూడేళ్ళ వెనక్కి పోయే ఎపిసోడ్, చాండ్లర్ రూమ్మేట్ కోసం వెతుకుతుంటాడు. జోయీ కూడా వచ్చి చూసి పోతాడు కానీ చాండ్లర్‌కి నచ్చింది ఎరిక్ అనే ఫోటోగ్రాఫర్, అతన్నే ఖాయం చేసుకుంటాడు. ఎరిక్ సామానుతో వచ్చేసరికి మెట్ల దగ్గర హెకిల్స్ ఎదురై, చాండ్లర్ కొత్త రూమ్మేట్ నేనే అంటాడు. ఎరిక్ సరేలే అని వెళ్ళిపోతాడు. ఎరిక్ ఎందుకు రాలేదో చాండ్లర్‌కి అర్థం కాదు, ఇంక వేరే దారి లేక జోయీని పిలుస్తాడు.

ఒకసారి నిదానంగా ఆలోచించు. చాండ్లర్, జోయీ ఒకే ఇంట్లో ఉండటానికి కారణం హెకిల్స్. ఆయన ఊరికే నోరు జారి చెప్పిన ఒక అబద్ధం. ఈ సంగతి ఆ తర్వాత ఏడు సీజన్లలో చాండ్లర్‌కి ఎప్పుడూ తెలీదు, జోయీకి తెలీదు, ఎవరూ దాని ఊసెత్తరు, మనకొక్కరికే తెలుసు. పైగా ఆయన చనిపోయింది రెండో సీజన్లో, ఈ సంగతి మనకి చూపించింది మూడో సీజన్లో, అంటే ఈయనలా ఒంటరిగా పోతానేమో అని చాండ్లర్ భయపడిన మనిషే చాండ్లర్‌ని ఒంటరిగా ఉండకుండా చేసినాడన్నమాట. మొదటిసారి చూసేవాళ్ళు పిచ్చి ముసలోడి ఇంకో పిచ్చిపని అనుకుని నవ్వి దాటేస్తారు, నేనూ అట్లే దాటేసినా. ఇది నాకు చూపించింది మా బ్యాచ్‌లో ధర్మవరం నుంచి వచ్చే ఒక అమ్మాయి. సార్, అయితే ఈ తాత అబద్ధం చెప్పకపోతే సిరీసే లేదు కదా అనింది, రిమోటు పట్టుకుని అట్లే నిలబడిపోయినా.

మూడో ఆయన అగ్లీ నేకెడ్ గై. ఈయన లెక్క వేరు, ఈయన మొహం మనకి ఎప్పుడూ కనపడదు. చాలాకాలం మనిషే కనపడడు, ఆరుగురిలో ఎవరో ఒకరు కిటికీ దగ్గర నిలబడి ఆయన ఏం చేస్తున్నాడో చెప్తారు, అంతే. రేడియోలో క్రికెట్ కామెంటరీ విన్నట్టు మనం ఊహించుకోవాలి. పైన చెప్పిన కరెంటు పోయిన ఎపిసోడ్లోనే ఆయన కొవ్వొత్తులు వెలిగించినాడు అంటారు, మరుక్షణమే అందరూ అబ్బా అని మొహాలు తిప్పుకుంటారు. బట్టల్లేని మనిషి, వెలిగించిన కొవ్వొత్తి, మిగతాది నీకే వదిలేసినారు.

సీజన్ 3 ఎపిసోడ్ 8లో మనిషి కదలట్లేదు, పోయినాడేమో అని వీళ్ళకి అనుమానం, చాప్‌స్టిక్స్ ఒకదానికొకటి కట్టి పొడుగాటి కర్ర చేసి కిటికీలోంచి అవతలికి తోసి పొడుస్తారు, అప్పుడు మొదటిసారి కొంచెం ఒళ్ళు కనిపిస్తుంది. హెకిల్స్ అబద్ధం చెప్పిన అదే వెనకటి ఎపిసోడ్లో ఈయన మీద కూడా ఒక ముక్క ఉంది, అప్పట్లో ఆయన పేరు క్యూట్ నేకెడ్ గై, ఈమధ్య కొంచెం ఒళ్ళు చేస్తున్నాడే అంటారు. ఒక్క మాటే, కన్ను మూసి తెరిచేలోపు పోతుంది. మూడేళ్ళు చూసినవాళ్ళకి మాత్రమే అందే జోకు అది, కొత్తగా ఆ ఎపిసోడ్ చూసినోడికి అందులో నవ్వడానికి ఏమీ లేదు.

ఇప్పుడు సీజన్ 5 ఎపిసోడ్ 14. ఇది పూర్తిగా చెప్తా, ఎందుకంటే ఐదేళ్ళ పాత జోకు కథని ఎట్ల మోస్తుందో ఇంత శుభ్రంగా ఇంకెక్కడా కనపడదు. ఆ టైముకి రాస్‌కి ఇల్లు లేదు, పెళ్ళి చెడిపోయి జోయీ చాండ్లర్ల ఇంట్లో సర్దుకుని ఉంటాడు. మోనికా, చాండ్లర్ ప్రేమలో ఉన్నారు, అది జోయీకీ రేచల్‌కీ తెలుసు, ఫీబీకి, రాస్‌కి తెలీదు. ఎదురింటాయన అట్టపెట్టెలు సర్దుతున్నాడు, ఖాళీ చేస్తున్నట్టున్నాడు అని కిటికీలోంచి చూస్తారు, విచిత్రమేంటంటే ఆ పెట్టెల్లో ఎక్కువ వాటి మీద బట్టలు అని రాసుంటుంది. ఆ ఇల్లు దొరికితే బాగుండు అని రాస్, రేచల్, ఫీబీ చూడ్డానికి పోతారు. ఐదేళ్ళుగా ఈ కిటికీ నుంచి ఆ కిటికీ చూసినోళ్ళం, మొదటిసారి ఆ కిటికీ నుంచి ఈ కిటికీ చూస్తాం. అక్కడ ఫీబీకి ఏం కనిపిస్తుంది? మోనికా, చాండ్లర్. ఆ తర్వాత వాళ్ళకి తెలుసని మనకి తెలుసని వాళ్ళకి తెలీదు అంటూ సాగే గొడవంతా ఆ కిటికీలో పుట్టిందే.

అంతటితో అయిపోలేదు. ఆ ఇంటికి పోటీ ఎక్కువ, రాస్ ఒక బుట్ట మినీ మఫిన్స్ పంపిస్తాడు, అక్కడ చూస్తే అందరూ బుట్టలు పంపించినోళ్ళే. ఇంక లాభం లేదని రాస్ కూడా బట్టలు విప్పేసి ఆయనతో కూర్చుని మఫిన్స్ తింటాడు, ఇల్లు దొరుకుతుంది. చివర్లో తన బాస్‌కి కొత్త ఇల్లు చూపిస్తూ అదే కిటికీలోంచి చూస్తే చెల్లెలు మోనికా, చాండ్లర్. అరుపులు. అంటే ఒకే ఎపిసోడ్లో అదే కిటికీ రెండుసార్లు పనిచేసింది, ఒకసారి ఫీబీకి, ఒకసారి రాస్‌కి. ఆ పాత జోకు లేకపోతే రాస్ ఎదురింట్లోకి రావడానికి ఇంత సహజమైన కారణం దొరికేది కాదు.

ఆ పాత్ర వేసింది ఎవరో కూడా చాలా ఏళ్ళు బయటికి రాలేదు. బిల్డింగు మేనేజర్ ట్రీగర్ వేసినాయనే ఇది కూడా వేసినాడని ఫ్యాన్స్ నమ్మేవాళ్ళు. కాదు, జాన్ హాగన్ అనే ఆయన అని 2016లో ఒక జర్నలిస్టు వెతికి పట్టుకున్నాడు. కాబట్టి పాత వెబ్‌సైట్లలో ట్రీగర్ అని కనిపిస్తే నమ్మొద్దు.

ఇప్పుడు నీ రెండో ప్రశ్న. నేను మూడు చూస్తాను.

ఒకటి, అది మళ్ళీ వస్తుందా, వచ్చినప్పుడు కొంచెం ముందుకి కదులుతుందా. కిటికీ జోకు కదిలింది. మోనికా ఇంటి తలుపు నంబరు కదల్లేదు. మొదట్లో 5 ఉంటుంది, తర్వాత 20 అవుతుంది, ఎదురిల్లు 4 పోయి 19 అవుతుంది. ఇందులో రహస్యం ఏమీ లేదు, కిటికీలోంచి చూస్తే పై ఫ్లోర్ లాగుంది కదా, 5 అంటే కింద ఫ్లోర్ అవుతుంది అని తెలిసి సరిచేసుకున్నారు. రాస్ మూడు సీజన్ల పాటు 29 ఏళ్ళ దగ్గరే ఉండటం కూడా అంతే, రాసేవాళ్ళు లెక్క తప్పినారు. మొదటి ఎపిసోడ్లో మోనికా రేచల్‌కి చాండ్లర్‌ని కొత్తగా పరిచయం చేస్తుంది, తర్వాత పాత రోజులు చూపించినప్పుడు ఇద్దరూ అంతకుముందే కలిసుంటారు. దీనికి పెద్ద పెద్ద థియరీలు రాసినోళ్ళున్నారు, నాకైతే పాతది మర్చిపోయి కొత్తది రాసుకున్నట్టే కనిపిస్తుంది.

రెండు, ఆడియన్స్ నవ్వుతున్నారా. ఎక్కువ భాగం జనం ముందర తీసిన సిరీస్ ఇది, నవ్వు వస్తే నటులు ఆగుతారు. నవ్వు ఉందంటే అది దాచింది కాదు, అందరికీ పెట్టింది. నవ్వు లేకుండా, కెమెరా దాని మీద ఆగకుండా, ప్రతిసారీ మారుతూ ఉంటే అదే దాచింది. దీనికి మంచి ఉదాహరణ ఆ తలుపు మీద మ్యాజిక్ స్లేట్. దాని మీద బొమ్మలు ఎక్కువగా వేసింది సెట్ మీద పనిచేసే పాల్ స్వేన్ అనే క్రూ మనిషి. కొన్నిసార్లు ఆ ఎపిసోడ్ కథకి సంబంధించింది ఉంటుంది, కొన్నిసార్లు ఉత్త బొమ్మ. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత ఎనిమిదో సీజన్లో దాని మీద న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంట్ పేరు కనిపిస్తుంది, పాత్రలు ఎవరూ దాని గురించి ఒక్క మాట మాట్లాడరు. తలుపు మూసిన ప్రతిసారీ పాజ్ కొట్టు.

మూడు, అది స్క్రీన్ అంచున ఉందా. ఇది చాలామందికి తెలీదు. సిరీస్ టీవీలో వచ్చింది 1994 నుంచి 2004 వరకు, పాత చదరపు టీవీల కోసం. కానీ తీసింది 35 ఎంఎం ఫిల్మ్ మీద కాబట్టి తర్వాత హెచ్‌డీలో వెడల్పు చేసి వదిలినారు, ఇప్పుడు ఓటీటీలో మనం చూసేది అదే. అప్పట్లో కత్తిరించిన పక్కల భాగాలు ఇప్పుడు బయటపడినాయి. సీజన్ 9లో ఫీబీకి పాత దొంగతనం గుర్తొచ్చే ఎపిసోడ్ ఉంటుంది కదా, దాంట్లో ఒక షాట్‌లో రేచల్ ఉండాల్సిన చోట వేరే అమ్మాయి ఉంటుంది. మా క్లాసులో ఒక అబ్బాయి ఇది పట్టుకుని సార్ హిడెన్ జోక్ అని కేకేసినాడు. కాదు నాయనా, ఆ అమ్మాయి స్టాండ్-ఇన్, అంటే నటి బదులు ఆ చోట ఉండే మనిషి, పాత టీవీలో ఆ అంచు కనపడదని అట్లే వదిలేసినారు. కాబట్టి ఎడమ కుడి అంచుల్లో ఏదైనా వింతగా కనిపిస్తే, మధ్యలో చదరం మాత్రమే ఉందనుకుని మళ్ళీ చూడు. చదరంలో ఉంటే పెట్టింది, బయట ఉంటే జారింది అని ముక్కాలు భాగం నమ్మొచ్చు. చదరంలోనూ తప్పులు ఉంటాయి, కాబట్టి మొదటి రెండూ కూడా చూసుకో.

ఫీబీ చెప్పే ఫలాంజీ పేరు గురించి కూడా రాద్దామనుకున్నా కానీ అది వినే జోకు, నువ్వడిగింది వెనక కనిపించేవి. ఒక్క ముక్క చెప్తా, ఫలాంజీ అంటే వేలి ఎముక. నాలుగో సీజన్ చివర ఫోన్లో డాక్టర్ ఫలాంజీ అని అబద్ధం చెప్పిన దగ్గర మొదలుపెట్టి, ఆఖరి ఎపిసోడ్లో విమానానికి ఎడమ ఫలాంజీ పాడైంది అనేదాకా లాగింది.

చూసే వరస ఇది: సీజన్ 1 ఎపిసోడ్ 7, సీజన్ 2 ఎపిసోడ్ 3, సీజన్ 3లో 6, 8, 16, తర్వాత సీజన్ 5 ఎపిసోడ్ 14, చివరగా ఆఖరి ఎపిసోడ్ రెండు భాగాలూ. మొత్తం మూడు గంటలు అవుతుంది, ఒక ఆదివారం పూట చాలు. వరస మార్చొద్దు, ముఖ్యంగా హెకిల్స్ చనిపోయింది చూసినాకే ఆ వెనకటి ఎపిసోడ్ చూడాలి.

ఆఖరి ఎపిసోడ్లో గంథర్ రేచల్‌తో నువ్వంటే నాకిష్టం అని చెప్పేస్తాడు. ఆ అమ్మాయి నాకూ నువ్వంటే ఇష్టమే, నువ్వనుకునే ఇష్టం కాకపోవచ్చు అని, ఎక్కడైనా కాఫీ తాగుతున్నప్పుడో, సూర్యుడికంటే మెరిసే జుట్టున్న మనిషి కనపడినప్పుడో నిన్ను తలుచుకుంటాను అంటుంది. అది అయినాక వెంటనే మొదటి సీజన్లో ఏదో ఒక కాఫీ షాపు సీను పెట్టి, మాట లేకుండా వెనక కప్పులు సర్దుతున్న ఆ తెల్లజుట్టు మనిషిని వెతుకు. మీ రూమ్మేటుని మాత్రం ఎరిక్‌ని ఎవరు పంపించేసినారో అడుగు, ఆయనకి తెలుసో లేదో ఇక్కడ చెప్పు.